కటింగ్ అయిన ఫొటోను ఏ బ్యాక్‌గ్రౌండ్ మీద చెక్ చేయాలి? గళ్లు, నలుపు, తెలుపు, రంగులు – ఏది ఏం పట్టిస్తుంది

పెళ్లికూతురి ఫొటోకు బ్యాక్‌గ్రౌండ్ తీసి పీఎన్‌జీ చేసి పంపారు. మీ స్క్రీన్ మీద, ఫొటోషాప్ చూపించే తెలుపు-బూడిద గళ్ల మీద అంతా శుభ్రంగానే కనిపించింది. ఆల్బమ్ డిజైనర్ దాన్ని మెరూన్ షీట్ మీద పెట్టగానే జుట్టు చుట్టూ తెల్లటి గీత బయటపడింది. జడలో మల్లెపూల మధ్య మెరూన్ చుక్కలు కూడా తేలాయి. ఫైల్ మారలేదు, కింద ఉన్న రంగు మారింది, అంతే.

పంపే ముందు ఫొటోను ఇంకో బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి చూడాలని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఏ బ్యాక్‌గ్రౌండ్ మీద అన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. కొందరు నలుపు చాలంటారు, కొందరు ముదురు గులాబీ అంటారు, ఇంకొందరు గళ్ల మీదే జూమ్ చేసి చూసి పంపేస్తారు. వీటిలో ప్రతిదీ ఒక రకం తప్పును పట్టిస్తుంది, ఇంకో రకాన్ని పూర్తిగా దాచేస్తుంది. ఆ తేడా తెలిస్తే ఎన్ని బ్యాక్‌గ్రౌండ్లు మార్చాలో, ఎక్కడ ఆపొచ్చో మీకే అర్థమవుతుంది.

పోలిక పొడుగునా ఒకే ఫొటో తీసుకుందాం. క్రీమ్ రంగు గోడ ముందు నిలబడిన పెళ్లికూతురు. ఎర్ర అంచు ఉన్న తెల్లటి మధుపర్కం చీర, నల్లటి జుట్టు, మల్లెపూల జడ, చేతి నిండా ఆకుపచ్చ గాజులు. కటింగ్ చేసేవాళ్లకు ఇంతకంటే కష్టమైన ఫొటో తక్కువ. చీర, పూలు, గోడ మూడూ దాదాపు ఒకే రంగు కాబట్టి సెలక్షన్ టూల్‌కు ఎక్కడ ఆగాలో తెలియదు.

## ముందు, వెతకాల్సినవి ఏమిటి

నాలుగు రకాల తప్పులు ఉంటాయి. మొదటిది అంచు మీద మిగిలిపోయిన పాత బ్యాక్‌గ్రౌండ్ రంగు. జుట్టు చుట్టూ కనిపించే తెల్ల గీత ఇదే. రెండోది ఒంటి లోపల పడిన చిల్లు, అంటే చీరలోనో పూలలోనో ఉండాల్సిన భాగం గోడతో పాటు పోవడం. ఇందులో పూర్తి చిల్లు కంటే సగం చిల్లు ప్రమాదం. అక్కడ పిక్సెల్ ఉంటుంది కానీ 100 శాతం గట్టిగా ఉండదు, 85 లేదా 90 శాతమే ఉంటుంది. మూడోది దీనికి వ్యతిరేకం: చేతికీ నడుముకూ మధ్య సందులో, గాజుల మధ్య, జుంకా రింగులో గోడ ముక్క అలాగే ఉండిపోవడం. నాలుగోది ఖాళీగా ఉండాల్సిన చోట మిగిలిన పొగలాంటి మచ్చలు.

| బ్యాక్‌గ్రౌండ్ | బాగా పట్టించేది | దాచేసేది |
|---|---|---|
| గళ్లు | పెద్ద చిల్లులు, తీయని సందులు | తెల్ల అంచు, తెల్ల బట్టలో చిల్లులు |
| నలుపు | లేత గోడ వదిలిన అంచు | ముదురు అంచు, జుట్టులో చిల్లులు |
| తెలుపు | ముదురు బ్యాక్‌డ్రాప్ వదిలిన అంచు | తెల్ల అంచు, తెల్ల బట్టలో చిల్లులు |
| మధ్యస్థ బూడిద | అంచులో రంగు ఛాయ | తెల్ల అంచు |
| గాఢమైన రంగు | పూర్తి చిల్లులు, సగం చిల్లులు | తన రంగుకు దగ్గరగా ఉన్నదంతా |
| ఆల్ఫా, అంటే మాస్క్ మాత్రమే | పొగ మచ్చలు, సగం చిల్లులు | అంచు రంగుకు సంబంధించిన ప్రతి తప్పూ |

## నలుపు, తెలుపు: ఒకే తప్పు ఒకచోట కనిపించి ఇంకోచోట ఎందుకు దాగుతుంది

ఈ పనిలో తెలుసుకోవాల్సిన అసలు విషయం ఇదే కాబట్టి కాసేపు ఇక్కడ ఆగుదాం. అంచు దగ్గర ఉండే ఒక్క వెంట్రుక పిక్సెల్‌ను తీసుకోండి. జుట్టు వెలుగు విలువ 30, గోడది 230 అనుకుందాం. 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. కెమెరాలో ఆ పిక్సెల్‌లో సగం జుట్టు, సగం గోడ పడ్డాయి కాబట్టి దాని విలువ 130 అయింది. మీరు కటింగ్ చేసినప్పుడు మాస్క్ దాన్ని సగం పారదర్శకంగా చేసింది, బాగానే ఉంది. కానీ పిక్సెల్ రంగు మాత్రం 130 గానే ఉండిపోయింది. 30 కావాల్సింది.

ఇప్పుడు దాన్ని రకరకాల బ్యాక్‌గ్రౌండ్ల మీద పెడితే వచ్చే విలువలు ఇవి:

| కింద ఉన్నది | రావాల్సిన విలువ | నిజంగా వచ్చేది |
|---|---|---|
| నలుపు (0) | 15 | 65 |
| బూడిద (128) | 79 | 129 |
| గళ్లలో బూడిద గడి (204) | 117 | 167 |
| తెలుపు (255) | 142 | 192 |

చూడండి, తప్పు అన్నిచోట్లా ఒక్కటే: 50. కానీ కంటికి తప్పు అంకెతో పనిలేదు, పక్కపక్కన ఉన్నవాటితోనే పని. తెలుపు మీద జుట్టు 30, బ్యాక్‌గ్రౌండ్ 255, వాటి మధ్య అంచు 192. ముదురు నుంచి లేతకు వెళ్లే దారిలో అది మామూలు మెట్టులాగే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. నలుపు మీద జుట్టు 30, బ్యాక్‌గ్రౌండ్ 0, మధ్యలో 65. రెండింటికంటే వెలుగుగా ఉంది కాబట్టి గీతలా మెరుస్తుంది. మెరూన్ షీట్ కూడా ముదురే కాబట్టి అక్కడా ఇదే జరుగుతుంది.

బూడిద వరుస కూడా గమనించండి. 128 మీద 129 అంటే తెల్ల అంచు బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోయింది. జుట్టు కాస్త సన్నబడినట్టు ఉంటుంది తప్ప గీత కనిపించదు. ‘బూడిద న్యూట్రల్ కదా, దాని మీద చూస్తే అన్నీ తెలుస్తాయి’ అనుకునేవాళ్లు ఉన్నారు. లేత గోడ ముందు తీసిన ఫొటోకు ఆ మాట పనిచేయదు.

కాబట్టి ఎంపిక మీ బ్యాక్‌గ్రౌండ్ ఇష్టాన్ని బట్టి కాదు, ఫొటో దేని ముందు తీశారన్న దాన్ని బట్టి జరగాలి. లేత గోడ ముందు తీస్తే నలుపు మీద చూడాలి. నల్లటి స్టూడియో బ్యాక్‌డ్రాప్ ముందు తీస్తే తెలుపు మీద చూడాలి. రెండో సందర్భంలో మల్లెపూల చుట్టూ మసి పూసినట్టు సన్నటి ముదురు గీత వస్తుంది. అది నలుపు మీద అసలు కనిపించదు.

నలుపుతో ఒక ఇబ్బంది ఉంది. అది లేని తప్పును కూడా చూపిస్తుంది. ఫొటోగ్రాఫర్ వెనక నుంచి లైటు కొట్టి ఉంటే జుట్టు అంచు నిజంగానే మెరుస్తుంది. దాన్ని మిగులు అనుకుని గీకేస్తే ఫొటోలో ఉన్న అందమే పోతుంది. తేడా కనిపెట్టడానికి గీత మందాన్ని చూడండి. లైటు వల్ల వచ్చిన మెరుపు ఒక పక్కే ఎక్కువగా ఉంటుంది, మందం మారుతూ ఉంటుంది, అంచు నుంచి జుట్టు లోపలికి మెల్లగా కలిసిపోతుంది. మిగులు మాత్రం చుట్టూ ఒకే మందంలో, లైటు పడే అవకాశమే లేని గడ్డం కింద, చంక కింద కూడా ఉంటుంది. ఇంకా అనుమానం ఉంటే ఫొటోషాప్‌లో మాస్క్ థంబ్‌నెయిల్ మీద Shift పట్టుకుని క్లిక్ చేయండి. మాస్క్ తాత్కాలికంగా ఆగి అసలు ఫొటో వస్తుంది, లైటు ఎటు ఉందో చూసుకోవచ్చు.

Select and Mask లో ఉండగానే చూడాలంటే A నొక్కితే నలుపు, T నొక్కితే తెలుపు వస్తాయి. అక్కడ Opacity స్లైడర్ 100 లో ఉందో లేదో చూసుకోండి. తక్కువలో ఉంటే పాత గోడ పల్చగా కనిపిస్తూనే ఉంటుంది, మీరు చూస్తున్నది పరీక్షే కాదు.

## గళ్లు: ఉపయోగం ఉంది, కానీ తక్కువ

గళ్లు ఒక ప్రశ్నకు మాత్రం బాగా జవాబిస్తాయి: ఇక్కడ ఉన్నది తెలుపా, ఖాళీనా? చేతికీ నడుముకూ మధ్య సందులో గోడ ముక్క మిగిలితే గళ్లు ఆగిపోయి నునుపైన తెల్లటి ముక్క కనిపిస్తుంది. ఆ పనికి గళ్లు చాలు.

అంచు చూడటానికి గళ్లు పనికిరావు. రెండు గడులూ లేత రంగువే కాబట్టి పైన లెక్క ప్రకారం తెల్ల అంచు దాగిపోతుంది. దానికి తోడు గడి మారిన ప్రతిచోటా కింద వెలుగు మారుతుంది కాబట్టి కన్ను వెంట్రుకను అనుసరించలేదు. మన ఫొటోలోనైతే ఇంకో చిక్కు కూడా ఉంది. మల్లెపూలు అంటేనే చిన్నచిన్న తెలుపు, బూడిద మచ్చల గుంపు. అందులో నాలుగు రేకులు పోయి గళ్లు బయటపడినా పూలలాగే ఉంటాయి.

Preferences లో Transparency & Gamut కు వెళ్లి గళ్ల రంగు, సైజు మార్చుకోవచ్చు. తెల్ల బట్టలు, పూలు ఎక్కువగా చేసేవాళ్లు Grid Size ను Large కు, రంగును ముదురుకు మార్చుకుంటే కొంత మెరుగు. అయినా అది నలుపు బదులు వాడుకోదగ్గది కాదు.

## గాఢమైన రంగులు: చిల్లులకు ఇవే

మధుపర్కంలో చిల్లు పడితే తెలుపు మీద కనిపించదు, గళ్ల మీద కనిపించదు. నలుపు మీద పూర్తి చిల్లు కనిపిస్తుంది కానీ సగం చిల్లు మాయ చేస్తుంది. 235 విలువ ఉన్న తెల్ల బట్ట 90 శాతమే గట్టిగా ఉంటే నలుపు మీద 211 అవుతుంది. అది బట్ట మడతలో నీడలాగే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. అదే ముదురు గులాబీ `#FF00FF` మీద పెడితే ఆ చోట బట్టకు గులాబీ జీర వస్తుంది. తెల్ల చీరలో గులాబీ జీరకు వేరే కారణం ఉండదు కాబట్టి అనుమానం వెంటనే వస్తుంది. ఎర్ర అంచు దగ్గర మాత్రం జాగ్రత్త, బట్ట మీద ఎరుపు ప్రతిఫలించి కాస్త గులాబీగా ఉండొచ్చు.

ఇక్కడ చాలామంది ఒకే రంగుతో సరిపెట్టుకుంటారు. ఆ రంగు ఒంటి మీద లేనిదై ఉండాలి, అది కుదరడం కష్టం. గులాబీ మీద ఎర్ర అంచులో సగం చిల్లు కనిపించదు, రెండూ దగ్గరి రంగులు. ఆకుపచ్చ పెడదామంటే చేతికి ఆకుపచ్చ గాజులు. అందుకే రెండు రంగులు తీసుకోండి. మన ఫొటోకు గులాబీతో పాటు లేత నీలం `#00FFFF` సరిపోతుంది.

రెండు రంగులు ఉంటే ఇంకో పెద్ద లాభం ఉంది. రెండు Solid Color లేయర్లు కటింగ్ కింద పెట్టి, పై రంగుకు ఉన్న కన్ను గుర్తును నొక్కుతూ వదులుతూ ఉండండి. కింద గులాబీ, నీలం, గులాబీ, నీలం మారుతుంటాయి. మీరు చూడాల్సింది బ్యాక్‌గ్రౌండ్‌ను కాదు, చీరను. గట్టిగా ఉన్న పిక్సెల్ కదలదు. చిల్లు ఉన్న ప్రతిచోటా, అది 5 శాతమైనా సరే, రంగు మినుకుమంటుంది. కన్ను నిలకడగా ఉన్న ఛాయ కంటే మారుతున్న ఛాయను చాలా తొందరగా పడుతుంది. నా అభిప్రాయంలో చిల్లుల కోసం ఇంతకంటే నమ్మకమైన పరీక్ష స్క్రీన్ మీద లేదు, పైగా నిమిషం కూడా పట్టదు.

పల్చటి మేలిముసుగు, నెట్ దుపట్టా లాంటివి కూడా మినుకుమంటాయి. అది తప్పు కాదు, వెనకది కనిపించాల్సిన బట్టే అది. అక్కడ చూడాల్సింది బట్టంతా ఒకే తీరుగా మారుతోందా, లేక మధ్యలో ఒక ముక్క గట్టిగా ఉండిపోయిందా అన్నది.

అంచు రంగును తేల్చడానికి మాత్రం గాఢమైన రంగులను నమ్మకండి. గులాబీ పక్కన ఏది పెట్టినా కాస్త ఆకుపచ్చగా అనిపిస్తుంది, అది కంటి గుణం. గ్రీన్ మ్యాట్ ముందు తీసిన ఫొటోలో బుగ్గ అంచున, జుట్టులో పచ్చదనం నిజంగా మిగిలిందా అని చూడాలంటే మధ్యస్థ బూడిదే సరైనది. వెలుగు తేడాను దాచే ఆ గుణమే ఇక్కడ మేలు చేస్తుంది, రంగు తేడా ఒక్కటే మిగులుతుంది.

## ఆల్ఫా ఒక్కటే చూడటం

ఫొటోను పక్కన పెట్టి మాస్క్‌ను మాత్రమే నలుపు-తెలుపులో చూడటం ఇంకో దారి. మాస్క్ థంబ్‌నెయిల్ మీద Alt పట్టుకుని క్లిక్ చేస్తే వస్తుంది. చీర లోపల బూడిద మచ్చ ఉంటే సగం చిల్లు, బయట నలుపులో బూడిద ఉంటే పొగ మచ్చ. కానీ 255 లో 3 విలువ ఉన్న మచ్చ నలుపులో కంటికి ఆనదు. ‘సెలక్షన్ వేసి చూశాను, ఏమీ లేదు’ అనే మాటనూ నమ్మలేం. సెలక్షన్ చుట్టూ కదిలే చీమల గీత సగం కంటే ఎక్కువ గట్టిగా ఉన్న పిక్సెళ్ల చుట్టూనే కనిపిస్తుంది.

ఇలాంటి మచ్చలకు రెండు సులువైన దారులున్నాయి. ఒకటి, కాపీ చేసుకున్న ఫైల్‌లో Image మెనూలో Trim ను Transparent Pixels తో నడపడం. ఫ్రేమ్ పెళ్లికూతురికి అంటుకునేలా కుదించుకోకుండా ఒక పక్క దూరంగా ఆగిపోతే ఆ పక్క ఏదో మిగిలిందన్నమాట. రెండోది, ఆదేశాలతో ఫొటోల మీద పనిచేసే ఇమేజ్‌మ్యాజిక్ ఉన్నవాళ్లకు:

```
magick pelli.png -alpha extract -threshold 0 machalu.png
magick pelli.png -alpha extract -threshold 99.9% chillulu.png
```

మొదటి ఆదేశం ఇచ్చే బొమ్మలో సున్నా కానిదంతా తెల్లగా వస్తుంది. శరీరం ఆకారం బయట తెల్ల చుక్క ఉంటే అది మచ్చే. రెండోదానిలో పూర్తిగా గట్టిగా లేనిదంతా నల్లగా వస్తుంది. అంచు చుట్టూ నలుపు మామూలే, చీర మధ్యలో నలుపు ఉంటే చిల్లు. రోజుకు వందల ఫొటోలు చేసేవాళ్లకు ఇది కంటి పరీక్ష కంటే మేలు. అయితే ఆల్ఫాలో రంగు అనేదే ఉండదు. మన ఫొటోలో జుట్టు చుట్టూ ఉన్న తెల్ల గీత ఈ రెండు బొమ్మల్లో ఏ జాడా వదలదు, మాస్క్ సరిగ్గానే ఉంది మరి. ఆల్ఫా శుభ్రంగా ఉందని ఫైల్ పంపేస్తే సగం పనే చూసినట్టు.

## మీ పనికి ఏది సరిపోతుంది

ఆన్‌లైన్ షాపులకు తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీదే ఫొటోలు ఇచ్చేవాళ్లు నలుపు మీద కనిపించే ప్రతి తెల్ల గీత వెంటా పడనక్కర్లేదు. తెలుపు మీద అది ఎలాగూ కలిసిపోతుంది. మీ సమయం తీయని సందుల మీద, బ్యాక్‌గ్రౌండ్ నిజంగా 255 ఉందా అన్నదాని మీద పెట్టండి. 250 ఉన్న గోడ ముక్క మీ మానిటర్‌లో తెల్లగానే ఉంటుంది, షాపు పేజీలో మాత్రం మాసిన ముక్కలా తేలుతుంది. వస్తువు కింద కావాలని వదిలిన నీడను మచ్చ అనుకుని తుడిచేయకండి.

ఆల్బమ్ చేసేవాళ్లకు షీట్ రంగు ముందే తెలిస్తే ఆ రంగు మీదే చూడటం అన్నిటికంటే సూటి. అయినా రెండు రంగుల పరీక్ష మానకండి. షీట్‌లో పూలు, డిజైను ఉంటాయి కాబట్టి చిల్లులు వాటిలో దాగిపోయి ప్రింటయ్యాక బయటపడతాయి.

ఫ్లెక్సీకి ఇచ్చేవాళ్లు ఇంకాస్త కఠినంగా ఉండాలి. 3000 పిక్సెళ్ల ఎత్తున్న ఫొటోను 8 అడుగుల ఎత్తుకు సాగదీస్తే ఒక్కో పిక్సెల్ సుమారు 0.8 మిల్లీమీటర్లు అవుతుంది. రెండు పిక్సెళ్ల తెల్ల గీత అంటే మిల్లీమీటరున్నర పైనే, గేటు దగ్గర నిలబడ్డవాళ్లకు కనిపిస్తుంది. అదే గీత 300 డీపీఐ ఆల్బమ్ షీట్‌లో 0.2 మిల్లీమీటర్ల లోపే. ఫ్లెక్సీ అయితే 200 శాతం జూమ్‌లో, ఆల్బమ్ అయితే 100 శాతంలో చూస్తే చాలు. 33, 66 లాంటి జూమ్‌లలో అంచును తేల్చకండి. అక్కడ స్క్రీన్ పిక్సెళ్లను కలిపి చూపిస్తుంది, గీత ఉన్నా కనిపించకపోవచ్చు.

ఫొటో ఎక్కడ వాడతారో తెలియకుండా పీఎన్‌జీ మాత్రమే ఇచ్చేవాళ్లకు అడ్డదారి లేదు. నలుపు, తెలుపు, రెండు రంగుల మినుకు, ఆ తర్వాత ఆల్ఫా, ఈ వరుసలో వెళ్లండి. అంచు ముందు ఎందుకంటే అంచు సరిచేస్తే మాస్క్ కదులుతుంది, చిల్లులు ముందు పూడ్చుకుంటే మళ్లీ చూడాల్సి వస్తుంది. తెల్ల గీత దొరికితే మాస్క్‌ను ఒక పిక్సెల్ లోపలికి జరపాలనే ఆలోచన మొదట వస్తుంది. చీర అంచుకు అది పర్వాలేదు. జుట్టు దగ్గర చేస్తే సన్న వెంట్రుకలన్నీ పోయి తల టోపీ పెట్టినట్టవుతుంది. అక్కడ మార్చాల్సింది రంగును: Decontaminate Colors వాడండి, లేదా కటింగ్ మీద క్లిప్పింగ్ లేయర్ పెట్టి పక్కనున్న జుట్టు రంగుతో మెత్తటి బ్రష్ నడపండి. 130 ఉన్న పిక్సెల్ 30 కు దగ్గరైతే ఏ బ్యాక్‌గ్రౌండ్ మీదైనా గీత ఉండదు.

చివరి పరీక్ష పీఎస్‌డీ మీద కాకుండా పంపబోయే పీఎన్‌జీనే మళ్లీ తెరిచి చేయండి. పరీక్ష కోసం పెట్టిన గులాబీ లేయర్ ఆపడం మర్చిపోయి ఎక్స్‌పోర్ట్ చేస్తే ఇక్కడే దొరుకుతుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే అది జేపెగ్ అయిపోయి పారదర్శకత మొత్తం పోతుంది.